పడకగదిలో దోమల మందు: రాత్రంతా కాదు, పొద్దుగూకే వేళ ఒక్క గంట

ఇంట్లో ఉన్న కాయిల్ డబ్బానో, లిక్విడ్ మిషన్ అట్టనో తీసుకుని వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. గాలి ఆడే గదిలోనే వాడాలని, కిటికీ గానీ తలుపు గానీ కొంచెం తెరిచి ఉంచాలని చాలావాటి మీద రాసి ఉంటుంది. మనం చేసేది దీనికి తలకిందులు. వానలు పడి మోరీలు నిండాయంటే హన్మకొండలోనైనా, కరీమాబాద్‌లోనైనా, కాజీపేటలోనైనా పొద్దుగూకంగనే కిటికీలు బిగిస్తాం, తలుపు వేస్తాం, మంచం తలాపున మిషన్ పెడతాం. తెల్లారేదాకా పిల్లలూ మనమూ ఆ గాలే పీలుస్తాం. కిటికీ తెరిస్తే దోమలు వస్తాయి, మూస్తే మందు గదిలోనే నిలుస్తుంది. ఈ ముడిని ఎట్లా విప్పుకోవాలో, ఏం చేస్తే మనిషి పడుకున్న గంటల్లో మందు అవసరమే లేకుండా పోతుందో ఇక్కడ చెబుతాను.

మా వదినె వాళ్ల పడకగదినే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ఆ గదిలో ఈ పనులన్నీ దగ్గరుండి చేశాను. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది. ఒక కిటికీ, అటాచ్డ్ బాత్రూం. నాలుగేళ్ల బాబు. వానాకాలం మొదలైనప్పటి నుంచి బాబుకు రాత్రి దగ్గు, తెల్లవారుజామున ముక్కు దిబ్బడ. గదిలో ఒక మూల కాయిల్, ఇంకో మూల లిక్విడ్ మిషన్. "కాయిల్ పెట్టకపోతే పొద్దున లేచేసరికి బిడ్డ ఒళ్లంతా దద్దుర్లే, ఏం జేయమంటవ్?" అంది వదినె. ఆమె మాటలో తప్పేమీ లేదు. దోమకాటును తేలిగ్గా తీసుకోమని ఎవరూ చెప్పకూడదు. అందుకే ముందు కాయిల్ తీసేయలేదు, ముందు దోమ వచ్చే దారి వెతికాం.

ఆ పని చెప్పే ముందు, రాత్రంతా గదిలో తిరిగేది ఏమిటో తెలియాలి.

కాయిల్‌లో దోమను పడగొట్టే మందు చాలా కొంచెం, సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. మిగిలినదంతా రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి, బొగ్గు పొడి, జిగురు, రంగు. మంట లేకుండా కుములుతూ కాలేది ఇవే. కట్టె పొయ్యి పొగ ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే, కాకపోతే ఇది మంచం పక్కన ఉంటుంది. చైనా, మలేషియాల్లో అమ్మే కాయిల్స్‌ను పరీక్షించి 2003లో అచ్చువేసిన ఒక పరిశోధనలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే అతి సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేంత ఉన్నాయని తేలింది. తక్కువ లెక్కే తీసుకుందాం. కాయిల్ ఎనిమిది గంటలు కాలుతుందనుకుంటే గంటకు తొమ్మిది సిగరెట్లంత పొగ. అదే పరిశోధన ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువునూ కొలిచింది. కొన్ని కాయిల్స్‌లో అది 51 సిగరెట్లకు సమానంగా వచ్చింది. మార్కెట్లో "పొగ రాని కాయిల్" అని అమ్మేవాటిని చూసి ధైర్యపడకండి. కంటికి కనిపించే పొగ తగ్గినా బొగ్గు పొడి కుమిలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

లిక్విడ్ మిషన్‌లో ఏదీ కాలదు కాబట్టి పొగ రేణువుల బాధ లేదు. కాయిల్‌తో పోలిస్తే అది మేలే. కానీ సీసాలో ఏముందో చూడండి. ట్రాన్స్‌ఫ్లూథ్రిన్ లేదా ప్రాలెత్రిన్ అనే మందు ఒకటి రెండు శాతం లోపు ఉంటుంది. మిగతా తొంభై ఎనిమిది శాతానికి పైగా ఉండేది ద్రావకం, సువాసన. చాలా సీసాల్లో ఆ ద్రావకం వాసన తీసిన కిరసనాయిలు జాతిదే. 45 మిల్లీలీటర్ల సీసా నెలన్నర వచ్చిందంటే రాత్రికి ఒక మిల్లీలీటరు మీ గదిలోని గాలిలో కలుస్తోందన్నమాట. బిళ్ల మిషన్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే ద్రవం బదులు మందులో నానిన అట్టముక్క వేడెక్కుతుంది. ఈ మందులన్నీ పైరెత్రాయిడ్లు అనే ఒకే కుటుంబానివి. మనిషి శరీరం వీటిని చాలావరకు త్వరగానే విరగ్గొట్టి బయటికి పంపుతుంది. అయినా మూసిన గదిలో గొంతు గరగర, తుమ్ములు, కళ్ల మంట, తలనొప్పి తెస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

అగరుబత్తీల రూపంలో, కాల్చే కాగితాల రూపంలో దొరికే దోమల మందుల గురించి ఒక్క మాట. దోమల మందు ఏదైనా కేంద్ర పురుగుమందుల బోర్డు దగ్గర నమోదు కావాలి. ఆ నంబరు డబ్బా మీద ఉండాలి, లోపల ఉన్న మందు పేరు ఉండాలి. ఈ రెండూ లేని బత్తి కట్టను, అది "హెర్బల్" అని రాసి ఉన్నా సరే, ఇంట్లోకి రానివ్వకండి.

ఇప్పుడు చేయాల్సిన పనికి వద్దాం.

మొదట దోమ ఎటు నుంచి వస్తోందో కనిపెట్టాలి. రాత్రి ఎనిమిదింటికి పడకగదిలో లైటు ఆర్పి, హాల్లో, బాత్రూంలో లైట్లు వేయండి. పడకగది తలుపు మూసి లోపల నిలబడండి. తలుపు కింద, పక్కల, బాత్రూం తలుపు అంచున ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే అక్కడ దోమకు దారి ఉంది. మర్నాడు పగలు గదిలో లైటు ఆర్పి, కిటికీ కర్టెన్ పక్కకు జరిపి జాలీ అంచులు చూడండి. వదినె ఇంట్లో కిటికీకి జాలీ బాగానే ఉంది. దోమలు వస్తున్నది బాత్రూం పైన ఉన్న వెంటిలేటర్ నుంచి. అడుగున్నర వెడల్పు అద్దం పలకల వెంటిలేటర్, దాని వెనక వైపు సందులో తెరిచిన మోరీ. రాత్రి పూట కుట్టే క్యూలెక్స్ దోమ పుట్టేది ఇట్లాంటి మురికినీళ్లలోనే. బాత్రూం తలుపు కింద వేలెడంత సందు. అంటే పడకగది కిటికీ ఎంత బిగించినా లాభం లేకపోయింది. కిటికీ మూసి గాలి రాకుండా చేసుకున్నారు, దోమ మాత్రం బాత్రూం నుంచి వచ్చింది.

వెంటిలేటర్‌కు నైలాన్ జాలీ, వెల్క్రో పట్టీతో అతికిస్తే చాలు. చట్రం కొలత కంటే జాలీని నాలుగు వైపులా అంగుళం ఎక్కువ కత్తిరించండి. వెల్క్రో అంటించే ముందు గోడ మీది నూనె మరక, దుమ్ము తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. లేకపోతే మొదటి వానకే ఊడివస్తుంది, మాకు ఒక మూల అట్లాగే ఊడింది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ దొరుకుతుంది, అది దొరికేదాకా పాత చీరను చుట్టి పెట్టినా ఆగుతుంది. బాత్రూం నీళ్లు పోయే రంధ్రం మీద రాత్రిపూట మూత పెట్టండి. ఈ పనంతా ఒక ఆదివారం పొద్దుటి పూట అయిపోతుంది.

తర్వాత సాయంత్రం గంట. ఈ పద్ధతిలో అసలు కిటుకు ఇదే. దోమలు ఇంట్లోకి ఎక్కువగా జొరబడేది పొద్దుగూకే వేళ. వానాకాలంలో వరంగల్‌లో ఆరు దాటగానే మొదలవుతుంది. కాబట్టి ఐదున్నరకే కిటికీలు, తలుపులు వేసేయండి. తర్వాత మందు వాడాల్సి వస్తే, మనుషులెవరూ లేని గదిలో వాడండి. తాగే నీళ్ల బిందె, పండ్లు, పిల్లల పాలసీసా, బొమ్మలు బయట పెట్టాలి. చేపల తొట్టి ఉంటే అది ఆ గదిలో ఉండనే కూడదు, ఎందుకంటే ఈ మందులు చేపలకు చాలా విషం. మిషన్‌ను నిటారుగా ఉన్న ప్లగ్గులో, కర్టెన్‌కు తగలకుండా పెట్టి, తలుపు వేసి ముప్పావు గంట నుంచి గంట వదిలేయండి. తర్వాత మిషన్ ఆపి ప్లగ్గు తీసేసి, జాలీ ఉన్న కిటికీ పూర్తిగా తెరిచి, ఫ్యాన్ పెద్దగా తిప్పి అరగంట గాలి ఆడనివ్వండి. ఆ తర్వాతే పిల్లలను లోపలికి తీసుకెళ్లండి.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. నేల మీద పడ్డ దోమలన్నీ చచ్చినట్టు కాదు. ఈ మందు మొదట దోమ నరాలను పట్టేసి పడగొడుతుంది, వాటిలో కొన్ని కాసేపటికి తేరుకుని లేస్తాయి. అందుకే గది తెరిచిన వెంటనే తడిగుడ్డతో నేల, కిటికీ గూడు, మంచం కింద తుడిచేయాలి. తడిగుడ్డ మందు పొరనూ తీసేస్తుంది, పాకే పిల్లలున్న ఇంట్లో ఇది మరీ అవసరం. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. బీరువా వెనక, వేలాడే బట్టల మాటున దాక్కున్న ఒకటి రెండింటికి బ్యాట్ చాలు. గంట తర్వాత కూడా దోమలు హాయిగా ఎగురుతుంటే రెండో మిషన్ పెట్టకండి. గదికి ఇంకా ఎక్కడో దారి ఉందని, లేదా అక్కడి దోమలు ఆ మందుకు అలవాటు పడ్డాయని అర్థం. రెండు సందర్భాల్లోనూ మందు పెంచితే పెరిగేది మన ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదే.

ఏసీ గదుల వాళ్లకు: స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఏసీ వేశాం కదా గాలి మారుతోందని అనుకుని మిషన్ కూడా వేస్తే, ఆ చిన్న గది మూత పెట్టిన డబ్బా అవుతుంది. కిటికీకి బిగించిన కూలర్ బయటి గాలి తెస్తుంది, అది మంచిదే. కాకపోతే కూలర్ తొట్టిలో నిలిచిన నీళ్లు ఇంకో గొడవ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రాత్రంతా కాపాడాల్సింది దోమతెర. గదిలోకి ఎంత జాగ్రత్త పడ్డా ఒక దోమ వస్తుంది, పడుకున్న మనిషికీ దానికీ మధ్య తెర ఉంటే మందు అక్కర్లేదు. తెర అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు, ఎండాకాలం ఉక్కపోత అని. రామగుండం, వరంగల్ ఎండలు తెలిసినవాళ్లు ఆ మాట అనడంలో న్యాయం ఉంది. ఇబ్బంది తెర కొనడంలో, కట్టడంలో ఉంటుంది. మంచానికి అతుక్కుపోయే గొడుగు తెర కాకుండా నాలుగు మూలలా కట్టే పెట్టె ఆకారం తెర తీసుకోండి. మంచం కంటే పొడవులో, వెడల్పులో ఒక్కో వైపు అర అడుగైనా ఎక్కువ ఉండాలి. నిద్రలో చేయో కాలో తెరకు ఆనితే దోమ బయటి నుంచే కుడుతుంది, పిల్లలకు తెర ఉన్నా దద్దుర్లు రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. పైన ఫ్యాన్ గాలి తెరలో సగం ఆగిపోతుంది కాబట్టి స్టాండు ఫ్యానును మంచం ఎత్తుకు దించి పక్క నుంచి తిప్పండి. దోమ బలంగా ఎగిరే పురుగు కాదు, ఫ్యాన్ గాలికి ఎదురు రాలేదు. పక్క నుంచి వచ్చే గాలి మనకు చల్లదనం, దానికి అడ్డం.

తెర అంచును పరుపు కిందికి దోపాలి, నేల మీద వేలాడదీస్తే మంచం కింద దాక్కున్న దోమ లోపలికి వస్తుంది. పొద్దుటి నుంచి తెర విప్పి ఉంచితే లోపల దోమలు చేరుతాయి, కాబట్టి లేవగానే పైకి ముడివేయండి. రాత్రి దోపిన తర్వాత టార్చి వేసి లోపల ఒకసారి చూడండి. చిన్న చిరుగును సూదీదారంతో అప్పుడే కుట్టేయాలి. ఏటూరునాగారం వైపు గూడేల్లో మలేరియా కోసం ప్రభుత్వం పంచే మందు కలిపిన తెరలు మీ దగ్గర ఉంటే, కొత్తదాన్ని వాడే ముందు ఒక రోజంతా నీడలో ఆరేయండి. ఉతికినప్పుడు కూడా ఎండలో వేయొద్దు, ఎండకు మందు దెబ్బతింటుంది. ఉతికిన నీళ్లు చెరువులో, వాగులో పోయకండి.

వదినె ఇంట్లో మొదటి రెండు రాత్రులు బాబు తెరను తన్నేశాడు. మూడో రోజు మంచం జరిపి, తెర పెద్దది కట్టాం. "ఇది నా గుడిసె" అని వాడే అందులోకి దూరడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి కాయిల్ పెట్టలేదు. మిషన్ సాయంత్రం గంట వేసేవాళ్లు, వెంటిలేటర్ జాలీ గట్టిగా నిలిచాక అదీ వారంలో రెండు మూడు రోజులకు తగ్గింది. బాబు రాత్రి దగ్గు పది రోజుల్లో బాగా తగ్గింది. దీన్నిబట్టి దగ్గులన్నీ కాయిల్ వల్లే అనడం లేదు. మీ ఇంట్లో అదే కారణమో కాదో తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. రెండు వారాలు పడుకునే గంటల్లో ఏ మందూ లేకుండా తెరలో పడుకోబెట్టి, రోజూ పొద్దున దగ్గు, ముక్కు దిబ్బడ, గొంతు ఎట్లా ఉన్నాయో క్యాలెండర్ మీద రాయండి. తేడా కనిపిస్తే కారణం తెలిసినట్టే. ఏ తేడా లేకపోయినా, రాత్రి ఛాతీలో పిల్లికూతలు వినిపించినా, ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య లోపలికి గుంటలు పడుతున్నా, క్యాలెండర్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.

కరెంటు లేని చోటో, పొలం దగ్గర కావలి పడుకున్నప్పుడో కాయిల్ తప్పని రోజులుంటాయి. అప్పుడు దాన్ని గది బయట, వాకిట్లో, గాలి వీచే వైపు, ఇనుప స్టాండు మీద, కింద నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి. మంచం కింద మాత్రం ఎప్పుడూ వద్దు. జారిన దుప్పటి కొస కాయిల్‌కు తగిలితే చాలు, పడుకున్నవాళ్లకు తెలిసేలోపే పరుపు అంటుకుంటుంది. కాయిల్ బదులు వేపాకు పొగ, సాంబ్రాణి, పిడక పొగ వేస్తే సహజమే కదా అనుకోవద్దు. వేపాకు కాలినా వచ్చేది పొగే, గదిలో పీల్చితే ఊపిరితిత్తులకు అదే భారం. వేయాలనిపిస్తే మనుషులు లేనప్పుడు వేసి, గాలి ఆడించండి.

అయిపోయిన రీఫిల్ సీసాలో కిరసనాయిలు, కర్పూరం, వేపనూనె కలిపి పోసి మళ్లీ మిషన్‌కు పెట్టమని చెప్పే వీడియోలు మా బంధువుల ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. అది చేయకండి. ఆ మిషన్ వేడి ఆ కంపెనీ ద్రవానికి, ఆ వత్తికి లెక్కకట్టి పెట్టింది. తేలిగ్గా అంటుకునే నూనెను అందులో పెట్టి రాత్రంతా వదిలేయడం అగ్గితో ఆట. పైగా కర్పూరం పిల్లల నోట్లోకి పోతే ఫిట్స్ తెప్పించగలదు.

సీసా గురించే ఇంకొక ముఖ్యమైన మాట. రంగు రంగుల సీసా, మంచి వాసన, నేలకు దగ్గరగా ప్లగ్గు. పాకే పిల్లలు దాన్ని లాగి నోట్లో పెట్టుకుంటారు. మిషన్ ఎప్పుడూ పిల్లలకు అందనంత ఎత్తులో ఉన్న ప్లగ్గులోనే పెట్టాలి, వాడని సీసా మూత బిగించి బీరువాలో ఉంచాలి. ఒకవేళ పిల్లవాడు ఆ ద్రవం తాగితే, వేలు పెట్టి గానీ ఉప్పునీళ్లు పట్టి గానీ కక్కించకండి. కిరసనాయిలు జాతి ద్రవం కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది, మింగినదాని కంటే అదే ప్రమాదం. పాలు, పెరుగు కూడా పట్టొద్దు. నోరు తుడిచి, బట్టల మీద పడితే మార్చి, ఆ సీసా చేతిలో పట్టుకుని 108కు ఫోన్ చేసి ఎంజీఎంకో దగ్గరలోని ఆస్పత్రికో వెళ్లండి. సీసా మీది మందు పేరు చూస్తే డాక్టర్లకు సమయం కలిసొస్తుంది. పిల్లవాడు మామూలుగానే కనిపిస్తున్నా వెళ్లాలి, దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవ్వొచ్చు.

చివరగా పగటి దోమ. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ మురికి మోరీలో పుట్టదు, మన ఇంటి మంచినీళ్లలో పుడుతుంది. కూలర్ తొట్టి, గోళెం, డాబా మీది పాత టైరు, పూలకుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక నీళ్ల ట్రే దాని ఇళ్లు. అది ఎక్కువగా కుట్టేది ఉదయం, సాయంత్రం వెలుతురులో. రాత్రి పది నుంచి ఆరు దాకా వేసే ఏ మిషనూ దాన్ని పట్టుకోదు. అందుకే మధ్యాహ్నం పడుకునే పిల్లలకు కూడా తెర కావాలి, చాలా ఇళ్లలో జరగనిది ఇదే. గుడ్డు నుంచి దోమ కావడానికి ఆ దోమకు వారం పది రోజులు పడుతుంది. కాబట్టి మున్సిపాలిటీ వాళ్లు చెప్పే డ్రై డే శుక్రవారమే పట్టుకుని, వారానికి ఒకసారి ఈ నీళ్లన్నీ పారబోయండి. పారబోయడంతో ఆగకుండా తొట్టి లోపలి గోడలను బ్రష్‌తో రుద్దాలి. ఏడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు పోయగానే పిల్లలవుతాయి. కూలర్ అయితే సీజన్ అయిపోయాక గడ్డి పలకలు తీసేసి, తొట్టి రుద్ది, ఎండబెట్టి, మూత వేసి పెట్టండి.